ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లో 10 శాతం కోత ఎందుకు? పే స్లిప్, 26ఏఎస్, రిఫండ్: తలుపుల పిల్లల కోసం వివరాలు

తలుపుల నుంచి కదిరి మీదుగా బయటికెళ్లే పిల్లలకు దారులు రెండే ఎక్కువ. ఒకటి పెనుకొండ, హిందూపురం వైపు ఫ్యాక్టరీల దారి. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలో 2019లో ఉత్పత్తి మొదలైంది. దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. ఐటీఐ, డిప్లొమా చదివిన కుర్రాళ్లకు అక్కడ అప్రెంటిస్‌గా చేరడం ఇప్పుడు మామూలు విషయమైంది. రెండోది బెంగళూరు దారి. ఇంజినీరింగ్, డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న అమ్మాయిలు, అబ్బాయిలు ఆరు నెలల ఇంటర్న్‌షిప్ కోసం అటు వెళ్తున్నారు.

రెండు చోట్లా నెల తిరిగేసరికి వచ్చే డబ్బును స్టైపెండ్ అనే అంటారు. కానీ కాగితం మీద ఆ రెండూ ఒకటి కావు. ఇంట్లో గొడవ మొదలయ్యేది కూడా ఇక్కడే. "పద్దెనిమిది వేలని చెప్పి పదహారు వేల రెండొందలే వేశారేంటి?" అని అమ్మ అడుగుతుంది. "ట్యాక్స్ కట్ అయింది" అని కూతురు చెబుతుంది. "ఇంత చిన్న జీతానికి ట్యాక్సేంది?" అని నాన్న అంటాడు. నాన్న అన్నది నిజమే. అంత చిన్న ఆదాయానికి పన్ను లేదు. కంపెనీ కోసుకున్నదీ చట్ట ప్రకారమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలిస్తే పోయిందనుకున్న డబ్బు వెనక్కి వస్తుంది.

ముందు కాగితం చూడాలి

స్టైపెండ్‌లో ఏది కోయొచ్చు, ఏది కోయకూడదు అన్నది చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితాన్ని బట్టి ఉంటుంది.

కాగితం మీద అప్రెంటిస్‌షిప్ కాంట్రాక్ట్ అని ఉండి, అది ప్రభుత్వ పోర్టల్‌లో నమోదై ఉంటే ఆ పిల్లాడు 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కిందికి వస్తాడు. డిప్లొమా, డిగ్రీ వాళ్లకు ఆ పోర్టల్ nats.education.gov.in, ఐటీఐ వాళ్లకు ఎక్కువగా apprenticeshipindia.gov.in. ఈ చట్టం కింద ఉన్నవాళ్లు పీఎఫ్ లెక్కలోకి రారు, ఈఎస్‌ఐ లెక్కలోకీ రారు. కాబట్టి అలాంటి వాళ్ల స్లిప్‌లో పీఎఫ్ కోత కనిపిస్తే హెచ్ఆర్ వాళ్లను అడగాల్సిందే. ఒక నెల స్టైపెండ్ తర్వాతి నెల 10వ తేదీలోగా ఇవ్వాలని నిబంధన ఉంది. క్యాజువల్ లీవు, మెడికల్ లీవు రోజులకు స్టైపెండ్ కోయకూడదని కూడా ఉంది. ఈ రెండో సంగతి చాలామంది కుర్రాళ్లకు తెలీదు. జ్వరమొచ్చి మూడు రోజులు రాకపోతే మూడు రోజుల డబ్బు పోయిందని ఊరుకుంటారు.

కాగితం మీద ట్రైనీ అని ఉండి, కంపెనీ జీతాల పట్టీలోనే పేరు ఎక్కిస్తే అది దాదాపు ఉద్యోగమే. అప్పుడు పీఎఫ్ 12 శాతం, జీతం 21 వేల లోపు ఉంటే ఈఎస్‌ఐ 0.75 శాతం కోయొచ్చు. పీఎఫ్ కోస్తే యూఏఎన్ నంబర్ ఇవ్వాలి. వృత్తి పన్ను అని ఇంకో చిన్న గీత ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 15 వేల లోపు వాళ్లకు అది లేదు. 15 వేలు దాటి 20 వేల వరకు నెలకు 150, ఆపైన 200 రూపాయలు. బెంగళూరులో పనిచేస్తే కర్ణాటక లెక్క వర్తిస్తుంది, అక్కడ 25 వేల లోపు వాళ్లకు లేదు. కాబట్టి బెంగళూరులో 18 వేలు తీసుకునే అమ్మాయి స్లిప్‌లో వృత్తి పన్ను 200 అని కనిపిస్తే అది తప్పు కోత.

మూడోది ఇంటర్న్‌షిప్ లెటర్. ఇందులో పీఎఫ్ ఉండదు, ఈఎస్‌ఐ ఉండదు, చాలాసార్లు పే స్లిప్ కూడా ఉండదు. ప్రతి నెలా సరిగ్గా పదో వంతు మాత్రం తగ్గి వస్తుంది. ఎక్కువ ఇళ్లలో అర్థం కానిది ఇదే కాబట్టి మిగతా వివరమంతా దీని మీదే.

పదో వంతు ఎక్కడికి పోతోంది

కంపెనీ ఎవరికైనా డబ్బు ఇచ్చేటప్పుడు కొంత ఆపి, ఆ మనిషి పాన్ నంబర్ మీద ప్రభుత్వానికి కట్టడాన్ని టీడీఎస్ అంటారు. ఉద్యోగికి జీతంగా ఇస్తే 192 సెక్షన్ కింద లెక్క. అందులో ఏడాదికి మొత్తం ఎంత వస్తుందో అంచనా వేసి, దానికి పన్ను పడితేనే కోస్తారు. వృత్తి నిపుణుడికి ఫీజుగా ఇస్తే 194జే సెక్షన్. అందులో మనిషి మొత్తం ఆదాయం ఎంతన్నది కంపెనీకి సంబంధం లేదు. ఏడాదిలో ఇచ్చేది 50 వేలు దాటితే 10 శాతం కోయాల్సిందే. 2025 మార్చి వరకు ఈ పరిమితి 30 వేలే ఉండేది, ఆ ఏప్రిల్ నుంచి 50 వేలు చేశారు.

ఇంటర్న్‌ను ఉద్యోగి అనాలా, వృత్తి నిపుణుడు అనాలా? చాలా కంపెనీల అకౌంట్స్ సెక్షన్ వాళ్లు ఉద్యోగి అనరు. అంటే పీఎఫ్, గ్రాట్యుటీ లాంటివి అడుగుతారని వాళ్ల జంకు. అందుకే కాలేజీ పూర్తి కాని అమ్మాయిని కూడా డాక్టరు, లాయరు, కన్సల్టెంటు వరసలో వేసి 194జే కింద పది శాతం కోసేస్తారు. ఇది దొంగతనం కాదు. సరిగ్గా కడితే ఆ డబ్బు అమ్మాయి పేరు మీదే ప్రభుత్వం దగ్గర ఉంటుంది.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి. జీతాలది 392, మిగతా కోతలది 393 అయింది. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా వచ్చిన డబ్బుకు మాత్రం పాత నంబర్లే.

"స్కాలర్‌షిప్‌కు పన్ను లేదు కదా, స్టైపెండ్ కూడా అంతే" అని కొందరు చెబుతారు. చదువు ఖర్చు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కు మినహాయింపు ఉన్నది నిజం. పని చేయించుకుని నెల నెలా ఇచ్చే డబ్బును ఆ మినహాయింపులో చూపించడం మాత్రం రిస్కే. పైగా చిన్న మొత్తాలకు ఆ అవసరమే లేదు. కొత్త విధానంలో ఏడాదికి 4 లక్షల వరకు ఎవరికీ పన్ను పడదు.

ఒక లెక్క

బీటెక్ చివరి ఏడాదిలో ఉన్న తలుపుల అమ్మాయి ఒకామె బెంగళూరులో ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌లో చేరిందనుకుందాం. 2025 అక్టోబర్ నుంచి 2026 మార్చి వరకు. స్టైపెండ్ నెలకు 18 వేలు. మొత్తం 1,08,000 రూపాయలు. ఇది 50 వేలు దాటుతుందని కంపెనీకి ముందే తెలుసు కాబట్టి మొదటి నెల నుంచే 1,800 కోశారు. చేతికి 16,200. ఆరు నెలల్లో కోసింది 10,800.

ఆమెకు వేరే ఆదాయం లేదు. లక్షా ఎనిమిది వేలు 4 లక్షల లోపే కాబట్టి పన్ను సున్నా. అంటే కోసిన 10,800 మొత్తం ఆమెకు తిరిగి రావాల్సిందే. ఒక సెమిస్టర్ హాస్టల్ ఖర్చులో సగం అనుకోవచ్చు. అయితే అది దానంతట అదే రాదు. రిటర్న్ వేసి అడిగితేనే వస్తుంది. వదిలేసుకునే వాళ్లు ఎక్కువమంది "రిటర్న్ అంటే పెద్ద జీతాల వాళ్లది" అనుకుని వదిలేస్తారు.

ఇదే అమ్మాయిని కంపెనీ జీతం లెక్కలో, 192 కింద వేసి ఉంటే? ఏడాది అంచనా లక్షా ఎనిమిది వేలే కాబట్టి ఒక్క రూపాయి కూడా కోయాల్సిన పని లేదు. అందుకని చేరేటప్పుడే, మొదటి స్టైపెండ్ పడక ముందే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి "నా టీడీఎస్ ఏ సెక్షన్ కింద లెక్కేస్తారు?" అని అడగడం మంచిది. అన్ని కంపెనీలూ మార్చవు. కొన్ని మాత్రం, ముఖ్యంగా ఇంటర్న్‌షిప్ అయ్యాక ఉద్యోగంలోకి తీసుకునే ఉద్దేశం ఉన్నవి, అడిగితే జీతం కిందకు మారుస్తాయి. రెండు నెలలు కోసిన తర్వాత అడిగితే ఎవరూ పట్టించుకోరు.

బ్యాంకు డిపాజిట్లకు ఇచ్చే 15జీ ఫారం నింపి ఇస్తే కోత ఆగుతుందని సెంటర్లలో కొందరు చెబుతుంటారు. 194జే కోతకు 15జీ పనికిరాదు. తక్కువ కోత కోసం ఆదాయపన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకునే పద్ధతి వేరే ఉంది, కానీ ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కు అంత శ్రమ దండగ. రిఫండ్ దారే సులువు.

పాన్, పేరు, ఆధార్

పాన్ ఇవ్వకపోతే కోత 10 కాదు, 20 శాతం. పాన్ ఉన్నా ఆధార్‌తో లింక్ కాక పనిచేయని స్థితిలో ఉంటే కూడా 20 శాతమే, రిఫండ్ కూడా ఆగుతుంది. ఇంకా పాన్ లేని పిల్లలకు incometax.gov.in లో `Instant e-PAN` అనే చోట ఆధార్ ఓటీపీతో ఉచితంగా వస్తుంది. దీనికి డబ్బు తీసుకునే సెంటర్లు ఉన్నాయి, ఇవ్వనక్కర్లేదు.

మన ఇళ్లలో అసలు తంటా పేర్లతో. ఆధార్‌లో `Shaik` అని ఉంటుంది, టెన్త్ మెమోలో `S.` అని, పాన్‌లో `Sheikh` అని, బ్యాంకు పాస్‌బుక్‌లో `SK` అని. అమ్మాయిల పేర్ల చివర ఒకచోట బేగం, ఇంకోచోట బీ, మరోచోట ఏదీ ఉండదు. మనుషులకు ఇది ఒకే పేరని తెలుసు, కంప్యూటర్‌కు తెలీదు. రిఫండ్ పడాలంటే ఆదాయపన్ను పోర్టల్‌లో బ్యాంకు ఖాతాను ముందుగా ధ్రువీకరించాలి, అక్కడ పాన్ పేరు, బ్యాంకు పేరు కలవకపోతే తిరస్కరిస్తుంది. ఇంటర్న్‌షిప్ వచ్చాక పరుగులు పెట్టే కంటే ఆధార్‌లో ఉన్న పేరునే ఖాయం చేసుకుని పాన్, బ్యాంకు రెండింటినీ దానికి సరిచేయించడం మేలు. టెన్త్ మెమోతో ఆధార్ కలవకపోతే మాత్రం ముందు ఆధార్‌ను మెమో ప్రకారం మార్పించాలి, ఎందుకంటే మెమో మార్చడం అన్నిటికంటే కష్టం.

అప్రెంటిస్‌లకు ఇంకో చిక్కు. వాళ్ల స్టైపెండ్‌లో కొంత వాటా కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది, ఆ వాటా నేరుగా అభ్యర్థి ఖాతాలో వేస్తుంది. అంటే పాస్‌బుక్‌లో నెలకు రెండు జమలు కనిపించాలి, ఒకటి కంపెనీది, ఒకటి ప్రభుత్వానిది. ప్రభుత్వ వాటా ఆధార్ ఆధారంగా పడుతుంది కాబట్టి కంపెనీకి ఇచ్చిన ఖాతాలోకి కాక, ఆధార్ చివరిగా ఏ బ్యాంకుతో అనుసంధానమైందో అక్కడికి వెళ్తుంది. ఇంటర్‌లో స్కాలర్‌షిప్ కోసం తెరిచి మరిచిపోయిన ఖాతాలో ఆ డబ్బు ఉండిపోవచ్చు. "కంపెనీ సగం స్టైపెండ్ తినేసింది" అనుకునే ముందు uidai.gov.in లో `Bank Seeding Status` చూసుకోవాలి.

26ఏఎస్‌లో పడిందా లేదా

కోసిన డబ్బు ప్రభుత్వానికి చేరిందని చెప్పే కాగితం పే స్లిప్ కాదు, ఫారం 26ఏఎస్. incometax.gov.in లో పాన్‌తో లాగిన్ అయ్యాక దారి ఇది:

```
e-File > Income Tax Returns > View Form 26AS
Assessment Year: 2026-27
```

2025-26లో సంపాదించిన డబ్బుకు అసెస్‌మెంట్ సంవత్సరం 2026-27 అని గుర్తుంచుకోవాలి. తప్పు ఏడాది ఎంచుకుని, ఏమీ లేదని భయపడే వాళ్లు చాలామంది.

అందులో కంపెనీ పేరు, దాని టాన్ నంబర్, సెక్షన్, ఇచ్చిన మొత్తం, కోసిన మొత్తం వరసగా ఉంటాయి. సెక్షన్ గడిలో `192` ఉంటే జీతం, `194J` ఉంటే వృత్తి ఫీజు. పక్కన స్టేటస్ గడిలో `F` అని ఉంటే లెక్క కుదిరినట్టు. `U` అని ఉంటే కంపెనీ చెప్పిన లెక్క, కట్టిన చలానా ఇంకా కలవలేదని అర్థం.

పైన చెప్పిన అమ్మాయి కేసులో అక్టోబర్, నవంబర్, డిసెంబర్ కోతలు ఒక క్వార్టర్‌లో, జనవరి నుంచి మార్చి వరకు ఇంకో క్వార్టర్‌లో వస్తాయి. మొదటిదాని స్టేట్‌మెంట్ కంపెనీ జనవరి 31లోగా వేయాలి. చివరి క్వార్టర్‌కు గడువు మే 31. ఆ తర్వాత 15 రోజుల్లో ఫారం 16ఏ అనే సర్టిఫికెట్ ఇవ్వాలి. కాబట్టి ఏప్రిల్‌లోనే తొందరపడి రిటర్న్ వేస్తే మూడు నెలల కోత లెక్కలో కనిపించదు, రిఫండ్ సగమే వస్తుంది. జూన్ రెండో వారం దాటాక వేయడమే సరైనది.

ఆమె జూన్‌లో చూసేసరికి ఐదు వరసలే ఉన్నాయనుకుందాం. డిసెంబర్ నెల 1,800 లేదు. ఇలాంటిది జరిగినప్పుడు కారణం ఎక్కువగా పాన్‌లో ఒక అక్షరం తప్పు పడడం. ఆ డబ్బు ప్రభుత్వానికి చేరింది, కానీ వేరేవాళ్ల ఖాతాలో. కంపెనీ అకౌంట్స్ వాళ్లు సవరణ స్టేట్‌మెంట్ వేస్తే సరిపోతుంది. దీనికి ఫోన్ చేస్తే పని కాదు. డిసెంబర్ పే స్లిప్, ఆ నెల బ్యాంకు జమ, 26ఏఎస్ పేజీ మూడూ కలిపి మెయిల్ పెట్టాలి. ఇంటర్న్‌షిప్ అయిపోయాక ఆఫీసు మెయిల్ మూసేస్తారు కాబట్టి స్లిప్‌లన్నీ ముందే సొంత మెయిల్‌కు పంపుకుని ఉండాలి. ఇది చేయనివాళ్లు తర్వాత చాలా ఇబ్బంది పడతారు.

కంపెనీ కోసి అసలు కట్టనే లేకపోతే విషయం పెద్దది. అప్పుడు పోర్టల్‌లోని `Grievances` లో ఫిర్యాదు పెట్టాలి. కోత జరిగినట్టు చూపే స్లిప్ ఉంటేనే ఆ ఫిర్యాదుకు బలం. స్లిప్ లేకపోతే "మేం ఇస్తామన్నదే 16,200" అని కంపెనీ అనొచ్చు.

రిటర్న్ వేసేటప్పుడు ఆగాల్సిన చోటు

రిటర్న్‌కు జూలై 31 లోగా అనుకుంటే ఏ ఫారమైనా గడువు లోపే. అది దాటితే డిసెంబర్ 31 వరకు ఆలస్యపు రిటర్న్ వేయొచ్చు. ఆదాయం 4 లక్షల లోపు ఉన్నవాళ్లకు ఆలస్య రుసుము ఉండదు.

సెక్షన్ 192 అయితే ఐటీఆర్-1, అరగంట పని. 194జే అయితే ఇక్కడ ఆగాలి. ఆ సెక్షన్ కింద వచ్చిన డబ్బును శాఖ కంప్యూటర్ వృత్తి ఆదాయంగా చూస్తుంది. ఐటీఆర్-1లో ఇతర ఆదాయం అని వేస్తే కొన్నిసార్లు ఏమీ అనకుండా రిఫండ్ వస్తుంది, కొన్నిసార్లు రిటర్న్‌లో లోపం ఉందని నోటీసు వస్తుంది. నోటీసు వస్తే జవాబుకు 15 రోజులు. చూసుకోకపోతే రిటర్న్ చెల్లకుండా పోతుంది. ఐటీఆర్-3 వేయాలా, ఐటీఆర్-4 వేయాలా అన్నది చేసిన పనిని బట్టి మారుతుంది. ఈ ఒక్క విషయానికి మాత్రం కదిరిలోనో హిందూపురంలోనో తెలిసిన ట్యాక్స్ కన్సల్టెంట్‌కు కొంత ఫీజు ఇచ్చి చేయించుకోవడం దండగ కాదు.

అయితే రిఫండ్‌లో ఇంత శాతం ఇవ్వమని అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లకూడదు. అలాంటివాళ్లు రిఫండ్ పెంచడానికి లేని మినహాయింపులు రాస్తారు, నోటీసు వచ్చేది అమ్మాయి పేరు మీద. బ్యాంకు ఖాతా గడిలో తన ఖాతానే ఉందో లేదో ఆమే చూసుకోవాలి. వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి. చేయకపోతే వేసినట్టు లెక్కే కాదు.

గడువులోగా వేస్తే రిఫండ్ మీద ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం వడ్డీ కలిపి ఇస్తారు. 10,800కు ఆగస్టులో రిఫండ్ వస్తే ఐదు నెలలకు 270 రూపాయలు. వడ్డీ సొమ్ము తీసుకోవడం ఇష్టం లేని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. రిఫండ్‌తో వచ్చే ఇంటిమేషన్‌లో `Interest u/s 244A` అని ఆ మొత్తం విడిగా రాసి ఉంటుంది. అసలు ఎంత, వడ్డీ ఎంత అన్నది తేల్చుకోవడానికి అది చూస్తే చాలు.

రేషన్ కార్డు భయం

"రిటర్న్ వేస్తే ఇంట్లో పథకాలు ఆగిపోతాయి" అనే భయం పల్లెల్లో గట్టిగా ఉంది. పదివేల కోసం పోయి అమ్మ పింఛను పోగొట్టుకుంటామా అని ఆగిపోయేవాళ్లున్నారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమ పథకాల అర్హత పరిశీలనలో ఆదాయపన్ను కట్టే కుటుంబాలను పక్కన పెట్టే నిబంధన ఉంది.

ఆ నిబంధన పన్ను కట్టేవాళ్ల గురించి. సున్నా పన్నుతో రిటర్న్ వేసి, కోసింది వెనక్కి తీసుకున్న అమ్మాయి పన్ను కట్టినట్టు కాదు. ఒకవేళ సచివాలయంలో పేరు ఆ జాబితాలో తగిలితే చూపించాల్సింది ఆ ఇంటిమేషన్ కాగితమే. చెల్లించాల్సిన పన్ను గడిలో సున్నా అని అందులో ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి రేషన్ కార్డుతో పాటే పెట్టుకోవడం మంచిది. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. రిటర్న్ వేయకపోయినంత మాత్రాన ఆ వివరం దాగదు. కంపెనీ టీడీఎస్ స్టేట్‌మెంట్ వేసినప్పుడే పాన్ మీద నమోదైపోయింది. వేయకపోతే దక్కనిది రిఫండ్ ఒక్కటే. కుటుంబ ఆదాయ పరిమితి అన్నది మాత్రం వేరే లెక్క. ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసే ఏడాదిలో పిల్లలకు నెల నెలా స్టైపెండ్ వస్తుంటే దాన్ని చెప్పకుండా వదిలేయకూడదు.

పే స్లిప్ ఇవ్వని చోట

చిన్న ఆఫీసుల్లో ఇంటర్న్‌లకు పే స్లిప్ ఇవ్వరు. మేనేజరు తన ఫోన్ నుంచి యూపీఐలో వేసేస్తాడు, లేదా చేతికి నగదు ఇస్తాడు. నగదు విషయంలో ఒక గుర్తు ఉంది. ఒకే మనిషికి ఒక రోజులో 10 వేలు దాటి నగదు ఇస్తే కంపెనీ దాన్ని ఖర్చుగా చూపించుకోలేదు. అందుకే సరైన లెక్కలు రాసే కంపెనీ 18 వేలు నగదుగా ఇవ్వదు. ఇస్తోందంటే ఆ ఇంటర్న్ పేరు వాళ్ల పుస్తకాల్లో ఉందా అన్నదే అనుమానం.

అలాంటి చోట నెల నెలా చిన్న మెయిల్ పెట్టడం అలవాటు చేసుకోవాలి. "అక్టోబర్ స్టైపెండ్ 18,000 ఫలానా తేదీన అందింది" అని ఒక్క వాక్యం చాలు. అవతలివాళ్లు కాదనకపోతే అదే ఆధారం. ఇంటర్న్‌షిప్ ముగిసేటప్పుడు కంపెనీ లెటర్‌హెడ్ మీద స్టైపెండ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అందులో పూర్తి పేరు ఆధార్‌లో ఉన్నట్టు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, నెలకు ఎంత, మొత్తం ఎంత, కోసిన టీడీఎస్ ఎంత, కంపెనీ టాన్ నంబర్ ఉండాలి. సంతకం పెట్టినవాళ్ల హోదా కూడా ఉండాలి. పని బాగా చేసిందని మెచ్చుకునే సర్టిఫికెట్ వేరే. అందులో డబ్బు ప్రస్తావన ఉండదు కాబట్టి బ్యాంకులో అది చెల్లదు.

ఈ కాగితాల అవసరం రెండేళ్ల తర్వాత వస్తుంది. మొదటి ఉద్యోగంలో చేరేటప్పుడు పాత అనుభవాన్ని తనిఖీ చేసే సంస్థలు లెటర్ ఒక్కదాన్నే నమ్మవు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కంపెనీ పేరుతో జమలు, 26ఏఎస్‌లో అదే కంపెనీ పేరు చూస్తాయి. పదో వంతు కోసిందని తిట్టుకున్న ఆ కోతే అక్కడ గట్టి సాక్ష్యం అవుతుంది. నిజంగా ఆ కంపెనీలో, ఆ నెలల్లో పనిచేసినట్టు ప్రభుత్వ రికార్డులో ఉన్న ఒకే ఒక వరస చాలామంది ఇంటర్న్‌లకు అదే.